తొలి ఏకాదశికి ధాన్యం లేకుండా రోజంతా నీరసం రాని వంటలు ఏమిటి?

శ్రావణి (కాకినాడ)

అందరికీ నమస్కారం. తొలి ఏకాదశి దగ్గర పడుతోంది. ఆ రోజు మా ఇంట్లో బియ్యం, గోధుమలు, రవ్వలు, పప్పులు ఏవీ వండరు. పాలు, పెరుగు, పండ్లు, దుంపలు, సగ్గుబియ్యం, వేరుశనగ గుళ్ళు, కొబ్బరి మాత్రం తింటాం.

నేను ఏటా చేసేది ఇది. ఉదయం కాఫీ. పదకొండింటికి పెద్ద పళ్ళెం నిండా సగ్గుబియ్యం ఉప్మా. రెండింటికి అరటిపండు. సాయంత్రం బంగాళాదుంప చిప్స్, రాత్రికి ఒక ఆపిల్. ఉప్మా తిన్నప్పుడు కడుపు బరువుగానే ఉంటుంది. మూడు గంటలయ్యేసరికి మాత్రం కాళ్ళు చేతులు తేలిపోతాయి, రాత్రికి తలనొప్పి పట్టుకుంటుంది. మా వారు ఆఫీసుకు డబ్బా తీసుకువెళ్తారు. సగ్గుబియ్యం మధ్యాహ్నానికి జిగురు ముద్దగా మారిపోయి ఆయన సగం వెనక్కి తెస్తారు. మా అత్తగారికి 68 ఏళ్ళు, షుగరుకు మాత్రలు వేసుకుంటారు. ఎంత చెప్పినా ఉపవాసం మానరు.

పండ్లు తిని సరిపెట్టుకోండి అని చెప్పకండి. ఆ రోజు కూడా ఇంటి పని, ఆఫీసు పని అన్నీ ఉంటాయి. కడుపు నింపి, ఒంటికి బలం ఇచ్చే వంటలు కావాలి.

నరేష్

నేను కొంతకాలంగా ధాన్యం పూర్తిగా మానేశాను, బరువు బాగా తగ్గింది. మీరు దుంపలు, అరటిపండు కూడా మానేయాలి. ఉదయం మూడు గుడ్లు, మధ్యాహ్నం కోడిమాంసం, కూరగాయలు తీసుకుంటే సాయంత్రం దాకా ఆకలే వేయదు.

శ్రావణి (కాకినాడ)

నరేష్ గారూ, ఇది బరువు తగ్గడం గురించి కాదండి. ఏకాదశి ఉపవాసం. గుడ్లు, మాంసం ప్రసక్తే లేదు.

వైదేహి

శ్రావణీ, నేను ఒక ఆస్పత్రి ఆహార విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఉపవాసం మర్నాడు నీరసంతో వచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. నువ్వు తిన్నది తక్కువ కాదు. అందులో మాంసకృత్తులు లేవు, అదే చిక్కు.

సగ్గుబియ్యం కర్రపెండలం దుంపలోంచి తీసిన పిండి. దుంపను తురిమి, కడిగి, పీచు అంతా తీసేసి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఆరబెట్టి గుండ్రంగా చేస్తారు. అంటే దుంపలో ఉన్న కాస్త పీచు, పోషకాలు కూడా ఆ నీళ్ళతో పోయాయి. 100 గ్రాముల సగ్గుబియ్యంలో శక్తి సుమారు 350 కేలరీలు ఉంటుంది, మాంసకృత్తులు మాత్రం అర గ్రాము కూడా ఉండవు. ఉత్త పిండి పదార్థం తొందరగా అరిగి చక్కెరగా మారుతుంది. రక్తంలో చక్కెర గబుక్కున పెరిగి మళ్ళీ దిగుతుంది. నీకు మూడింటికి కాళ్ళు తేలిపోవడం అందుకే.

ఇప్పుడు నీ పట్టికనే లెక్క వేద్దాం. కాఫీలో పాలు 100 మిల్లీలీటర్లు అనుకుంటే 3 గ్రాముల మాంసకృత్తులు. ఉప్మాలో తాలింపుకు వేసే చెంచాడు వేరుశనగ గుళ్ళలో 3 గ్రాములు. అరటిపండులో 1. చిప్స్‌లో మహా అయితే 2. ఆపిల్‌లో లేనట్టే. అన్నీ కలిపినా పది దాటలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు కావలసింది దాదాపు 46 గ్రాములు. నువ్వు అందులో ఐదో వంతు తిన్నావు.

ఒక్క రోజుకు ఒళ్ళు పాడైపోదు. కానీ మాంసకృత్తులు, నూనె గింజలు, పీచు ఉంటే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళ్తుంది. ఆకలి ఆగేది అందుకే. కాబట్టి సగ్గుబియ్యం మానక్కరలేదు, దాన్ని సగానికి తగ్గించు. మిగతా సగం స్థానంలో పాలు, పెరుగు, పనీర్, వేరుశనగ, రాజ్‌గిరా రావాలి. మీ ఇంట్లో వీటిలో ఏవి పనికివస్తాయో చెప్పు, రోజంతటికీ పట్టిక రాస్తాను.

రామశాస్త్రి

మీ చర్చ బాగుంది. కానీ ఒక మాట. తొలి ఏకాదశి నాడు మన వైపు నైవేద్యం పేలపిండి. జొన్న పేలాలు విసిరి, బెల్లం, యాలకులు కలిపి పెడతాం. పల్లెల్లో ఆ రోజు పేలపిండి తినని ఇల్లు ఉండదు. అది ధాన్యమే కదా. మా ఇంట్లో అయితే పగలంతా పాలు, పండ్లు, రాత్రికి బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి అల్పాహారంగా తింటారు. మా నాయనమ్మ కాలం నుంచీ అదే పద్ధతి. ధాన్యం పూర్తిగా మానడం కొన్ని సంప్రదాయాల వారి నియమం. అందరికీ ఒకటే అని రాయకండి.

వైదేహి

శాస్త్రి గారూ, అందరికీ అదే నియమం అని నేను అనను. అన్నం మానేసి రాత్రి టిఫిను తినడం మన ఇళ్ళలో చాలా చోట్ల ఉన్నదే. శ్రావణి తన ఇంటి నియమం ముందే చెప్పింది కాబట్టి దానికి తగ్గట్టు చెబుతున్నాను. పేలపిండి మాత్రం మీరు గుర్తు చేయడం మంచిదైంది. శ్రావణీ, అది మీ ఇంట్లో ఎలా చేస్తారు?

శ్రావణి (కాకినాడ)

పేలపిండి దేవుడి దగ్గర పెట్టి పిల్లలకు పంచుతాం. మేము మర్నాడు ద్వాదశి పారణ తర్వాత తింటాం.

పాలు, పెరుగు, పనీర్, వేరుశనగ, బాదం, కొబ్బరి అన్నీ పనికివస్తాయి. రాజ్‌గిరా ఎప్పుడూ వాడలేదు. అది ధాన్యం కాదా?

చిరుధాన్యాల కిరణ్

ఇంత ఆలోచన ఎందుకండి, ఊదలు వండుకోండి. చిరుధాన్యాలు ఉపవాసానికి పనికివస్తాయి. ఉత్తరాదిన నవరాత్రుల్లో సామక్ బియ్యం అని తినేది ఊదలే. పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతాయి, అన్నంలాగే కడుపు నిండుతుంది. కొర్రలు, అరికలు కూడా ఇంతే. రాజ్‌గిరా కంటే ఇక్కడ తేలికగా దొరుకుతాయి.

మాధవి (పుణె)

కిరణ్ గారు చెప్పిన దాంట్లో సగం నిజం. మాది గుంటూరు, చాలాకాలంగా పుణెలో ఉంటున్నాం. ఇక్కడ ఉపవాసానికి భగర్ అని మన సామలు, ఊదలలాంటి గింజలు వండుతారు, పక్కన వేరుశనగ పులుసు పోసుకుంటారు. అది ఇక్కడి ఆచారం. కానీ అదే ఇళ్ళలో కొర్రలు, జొన్నలు, సజ్జలు ఉపవాసానికి ముట్టుకోరు. కాబట్టి చిరుధాన్యాలన్నీ పనికివస్తాయనడం కుదరదు. పైగా ఇక్కడ కూడా భగర్ తినని ఇళ్ళు ఉన్నాయి.

వైదేహి

ఊదలు వరిలాగే గడ్డిజాతి మొక్క గింజలు. అందుకే ధాన్యం వద్దనుకునే ఇంట్లో అవి కుదరవు. ఉత్తరాదిన వాటిని తినడం వాళ్ళ ఆచారం, ఆ ఆచారం ఉన్నవాళ్ళకు అది మంచి ఆహారమే. పీచు విషయంలో కిరణ్ గారి మాట సరైనది, పాలిష్ పట్టనివి అయితేనే.

రాజ్‌గిరా సంగతి వేరు. అది తోటకూర జాతి మొక్క గింజ, గడ్డిజాతి కాదు. ఆవగింజ కంటే చిన్నది. 100 గ్రాములకు దాదాపు 14 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వరి, గోధుమల్లో కొరతగా ఉండే లైసిన్ ఇందులో బాగుంటుంది. ఉత్తరాదిన ఉపవాసానికి వాడే కుట్టు కూడా గోధుమ జాతి కాదు, అది వేరే మొక్క గింజ. కాకపోతే కుట్టు పిండి పాతబడితే ప్రమాదం. దాని నూనె పాడై, తేమ తగిలితే బూజు పడుతుంది. నవరాత్రుల్లో ఆ పిండి తిని ఆస్పత్రుల పాలైన వార్తలు ఉత్తరాది నుంచి మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. కొంటే గింజలే కొని అప్పటికప్పుడు మర పట్టించుకోవాలి. పిండి నోట్లో వేసుకుంటే చేదుగా ఉన్నా, ముక్క వాసన వచ్చినా పారేయాలి. తొలిసారి చేసేవాళ్ళకు రాజ్‌గిరానే మేలు.

చిరుధాన్యాల కిరణ్

మొక్క జాతిని బట్టి నియమాలు పెట్టలేదు కదండి పెద్దలు. ఆకలికి తట్టుకోవడానికి ఏది మేలో చూడాలి. నా మాట మీదే నేను ఉంటాను, మా ఇంట్లో ఊదల పొంగలి చేస్తాం.

రామశాస్త్రి

ఆ లెక్కన మా ఉప్పుడుపిండి కూడా సరైనదే. ఎవరి ఇంటి ఆచారం వారిది.

శ్రావణి (కాకినాడ)

మా అత్తగారిని అడిగాను. ఊదలు వద్దు అన్నారు, తోటకూర గింజలు పరవాలేదు అన్నారు. వైదేహి గారూ, మీరు పట్టిక రాయండి.

వైదేహి

రాస్తున్నాను. ఇది నీకు, 55 కిలోల మనిషికి. మీ వారికి రొట్టె ఒకటి ఎక్కువ, అత్తగారి సంగతి తర్వాత విడిగా చెబుతాను.

ఉదయం ఎనిమిదింటికి ఒక గ్లాసు పాలు, రాత్రి నానబెట్టిన బాదం పది పన్నెండు. ఖాళీ కడుపున ఉత్త కాఫీతో మొదలుపెట్టకు. కాఫీ అలవాటు ఉంటే ఈ పాలు, బాదం తర్వాత తాగు. రోజూ రెండు మూడు సార్లు కాఫీ తాగేవాళ్ళు ఆ రోజు ఒక్కసారితో ఆపేసినా తలనొప్పి వస్తుంది. నీ రాత్రి తలనొప్పికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఇక్కడికి దాదాపు 9 గ్రాములు.

పన్నెండింటికి అసలైన భోజనం. రెండు రాజ్‌గిరా రొట్టెలు, కంద కూర, కప్పు నిండా గట్టి పెరుగు. రొట్టెలకు పిండి 60 గ్రాములు అంటే 8 గ్రాములు. కూరలో రెండు చెంచాల వేరుశనగ పొడి చల్లు, అది 5. పెరుగు 200 గ్రాములు, అది 6 నుంచి 7. మొత్తం 20 వచ్చింది. కందతో పీచు కూడా వచ్చింది. నీ పాత పట్టికలో లేనిది ఈ పూట భోజనమే.

నాలుగింటికి మజ్జిగ, నేతిలో వేయించిన మఖానా ఒక గిన్నె, ఒక ఉడికించిన చిలగడదుంప. మఖానాలో మాంసకృత్తులు బాగున్నాయని చెబుతారు, నిజమే. కానీ అవి దూదిలా తేలికగా ఉంటాయి. గిన్నె నిండా పోసినా 25 గ్రాములు తూగవు, అందులో వచ్చేది రెండున్నర గ్రాములు. దాని మీదే ఆధారపడకు. మజ్జిగతో కలిపి ఈ పూటకు 5 అనుకో.

రాత్రి ఏడింటికి నీకిష్టమైన సగ్గుబియ్యం. 40 గ్రాముల సగ్గుబియ్యానికి 30 గ్రాముల వేరుశనగ పొడి, 50 గ్రాముల పనీర్ ముక్కలు. వేరుశనగలో ఏడున్నర, పనీర్‌లో 9. మొత్తం 16 పైన. రోజుకు కలిపితే 50 గ్రాములు. సగ్గుబియ్యం ఉన్నా నీరసం రాదు, ఎందుకంటే అది ఇప్పుడు రాత్రి పూట చిన్న పళ్ళెం మాత్రమే.

బంగాళాదుంప మానక్కరలేదు. ఉడికించిన దుంప కడుపు నింపుతుంది. చిప్స్‌గా చేస్తే నీరంతా పోయి నూనె చేరుతుంది, ఎన్ని తిన్నామో తెలియదు, కడుపు నిండినట్టూ ఉండదు.

నరేష్

పాలు, పనీర్ ఎక్కువ చేయమని నేనూ అనేవాడినే. పనీర్ ఇంకా పెంచితే సరిపోతుంది కదా, దుంపలు అసలు ఎందుకు?

వైదేహి

నరేష్ గారూ, పని చేసుకునే మనిషికి ఆ రోజు శక్తి కూడా కావాలి. పిండి పదార్థం ఒక్కసారిగా తీసేస్తే అలవాటు లేనివాళ్ళకు నీరసం ఇంకా ఎక్కువవుతుంది. మీరు మెల్లగా అలవాటు చేసుకున్నారు, శ్రావణికి ఉన్నది ఒక్క రోజు.

మాధవి (పుణె)

రాజ్‌గిరా రొట్టె గురించి నేను చెబుతాను, తొలిసారి చేసేవాళ్ళు ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు.

ఈ పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. నీళ్ళు పోసి కలిపి చపాతీలా ఒత్తితే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. అందుకే పిండికి దాదాపు సమానంగా మెత్తగా ఉడికిన బంగాళాదుంప లేదా చామదుంప చిదిమి కలపాలి. రెండు రొట్టెలకు 60 గ్రాముల పిండి, ఒక మధ్యరకం దుంప. జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, ఉప్పు వేసి ముందు నీళ్ళు లేకుండానే పిసకండి. దుంపలోని తడే చాలావరకు సరిపోతుంది. ఇంకా పొడిగా ఉంటే ఒక చెంచా పెరుగు. ముద్ద మెత్తగా ఉండాలి, చేతికి అంటుకుని సాగకూడదు.

అరటాకు మీద నూనె రాసి, చేతిని తడుపుకుంటూ బొబ్బట్టులా తట్టండి. మధ్యలో చిన్న చిల్లు పెట్టండి, అక్కడ రెండు చుక్కల నెయ్యి వేస్తే మధ్య కూడా కాలుతుంది. ఆకుతో సహా పెనం మీద బోర్లించి, నిమిషం ఆగి ఆకు తీయండి. మంట తక్కువగా ఉండాలి, మూత పెట్టాలి. అంచులు పెనం నుంచి తమంతట తాము విడిపోయే దాకా తిప్పకండి. తొందరపడి తిప్పితే విరిగిపోతుంది. మంట ఎక్కువ పెడితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండి పళ్ళకు అంటుకుంటుంది. పిండిని కలపడానికి ముందు మూకుడులో కొద్దిగా వేడి చేస్తే మట్టి వాసన కూడా పోతుంది.

మీ వారి డబ్బాకు ఇదే సరైనది. చల్లారినా మెత్తగా ఉంటుంది, సగ్గుబియ్యంలా గట్టిపడదు.

శ్రావణి (కాకినాడ)

మాధవి గారూ, చాలా ఉపయోగపడింది. సగ్గుబియ్యం ముద్ద కాకుండా ఉండాలంటే? నాది ఎప్పుడూ ఒకటే గడ్డ.

మాధవి (పుణె)

ముందు లావు రకం కొనండి. పాయసానికి వాడే సన్నటి మెరిసే రకం ఉప్మాకు పనికిరాదు. తెల్లటి నీళ్ళు పోయి తేటగా వచ్చే దాకా మూడు నాలుగు సార్లు కడగండి, ముద్ద కట్టించేది ఆ పిండి నీళ్ళే. తర్వాత సగ్గుబియ్యం మునిగేంత నీళ్ళు మాత్రమే పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కితే మధ్యలో గట్టి పలుకు లేకుండా మెత్తగా నలగాలి. నలగకపోతే చెంచాడు నీళ్ళు చల్లి ఇంకో గంట మూత పెట్టండి. మిగిలిన నీళ్ళు వార్చి, వేయించిన వేరుశనగ పొడిని అప్పుడే గింజలన్నిటికీ పట్టేలా కలపండి. ఆ పొడి పూతే గింజను గింజకు అంటుకోనివ్వదు. నెయ్యి, జీలకర్ర, పచ్చిమిర్చి వేగాక వేసి, గింజలు తెల్లటి రంగు పోయి గాజులా కనిపించగానే దించేయండి. ఇంకా నిమిషం ఉంచితే మళ్ళీ గడ్డే.

ప్రసాదరావు

శ్రావణి గారూ, మీ అత్తగారి గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను. నాకు షుగరు ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాను. పోయిన కార్తీకంలో ఉదయం మాత్ర ఎప్పటిలాగే వేసుకుని ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నం గుడిలో చెమటలు పట్టి, చేతులు వణికి, ఎదుటివాళ్ళు మాట్లాడేది అర్థం కాలేదు. పక్కనున్నాయన తీర్థంలో చక్కెర కలిపి తాగించాడు. షుగరు ఉన్నవాళ్ళు దుంపలు తినకూడదు, ఉపవాసం మంచిది అని అందరూ చెబుతారు. మాత్ర మాటే ఎవరూ చెప్పలేదు.

వైదేహి

ప్రసాదరావు గారూ, అది రాసినందుకు మీకు ధన్యవాదాలు. శ్రావణీ, మీ అత్తగారు వాడే మాత్ర పేరు చూడు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి మనం తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. తిండి తగ్గి మాత్ర తగ్గకపోతే చక్కెర పడిపోతుంది. ఇన్సులిన్ సూది వేసుకునే వాళ్ళకూ ఇదే భయం. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళలో ఈ ప్రమాదం తక్కువ. ఏది ఉన్నా, ఆ రోజు ఏ మాత్ర ఎప్పుడు, ఎంత అనేది మీ డాక్టరు ఈ వారంలోనే చెప్పాలి. మీరే తగ్గించుకోకండి, మానేయకండి.

ఆవిడ ఒకేసారి తినకుండా నాలుగు పూటలుగా తినాలి. సగ్గుబియ్యం ఆవిడకు వద్దు, పండ్ల రసాలు, ఖర్జూరం కూడా వద్దు. మధ్యాహ్నం నీతో పాటే ఒక రాజ్‌గిరా రొట్టె, కంద కూర, పెరుగు. రాత్రికి పనీర్, సొరకాయ కూర, కాస్త చిలగడదుంప, అదీ కాల్చింది కాదు, ఉడికించింది. దుంపలు పూర్తిగా మానమని నేను చెప్పను, మాంసకృత్తులు పక్కన పెట్టుకుని కొద్దిగా తినమంటాను.

ఇంట్లో పరీక్ష చేసే యంత్రం ఉంటే పదకొండింటికి, నాలుగింటికి చూడండి. 70 కంటే తగ్గితే, లేదా చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే యంత్రం కోసం కూడా వెతకకుండా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసి, పెరగకపోతే ఇంకోసారి. తర్వాత ఏదైనా తినాలి. ఆ రోజుకు ఉపవాసం అక్కడితో ఆపేయాలి. ఆవిడ మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

రామశాస్త్రి

ఈ విషయంలో వైదేహి గారి మాట నేనూ అంటాను. అనారోగ్యం ఉన్నవాళ్ళకు, ముసలివాళ్ళకు, పిల్లలకు నియమం సడలింపు పెద్దలు ఎప్పుడూ ఇచ్చారు. మీ అత్తగారితో మీ పురోహితుల చేత చెప్పించండి. కోడలి మాట కంటే వారి మాట వింటారు.

శ్రావణి (కాకినాడ)

తప్పకుండా. మాత్ర పట్టీ చూశాను, ఆవిడది గ్లిమెపిరైడే. రేపే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తున్నాను.

కంద గురించి ఒక సందేహం. మా ఇంట్లో కంద అంటే గొంతు దురద అని ఎవరూ తినరు.

వైదేహి

కందలో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, దురద పెట్టేది అవే. చేతులకు నూనె రాసుకుని, తడి లేకుండా తొక్క మందంగా చెక్కు. మట్టి పోయేలా కడగాలంటే చెక్కక ముందే కడిగి తుడిచెయ్యి. ముక్కలు కోసి పలుచటి చింతపండు నీళ్ళలో పసుపు వేసి ఉడికించు. చాకు మొన ముక్కలోకి సులువుగా దిగాలి. తర్వాత ఆ నీళ్ళు పూర్తిగా పారబోయి, మళ్ళీ వాడకు. చల్లారాక చిన్న ముక్క నాలుక కొసకు తాకించి చూడు. చురుక్కుమంటే ఇంకా ఉడకలేదన్నమాట, మళ్ళీ పొయ్యి మీద పెట్టు. పాత కంద అయితే దురద తక్కువ. అయినా ఇష్టం లేకపోతే అరటికాయ వాడుకో.

ఇంకొకటి, తాలింపులో ఇంగువ వేస్తావా?

శ్రావణి (కాకినాడ)

వేస్తాను. పప్పు లేని రోజు కదా, దుంపలతో వాయువు చేయకుండా ఇంగువ తప్పనిసరి.

వైదేహి

డబ్బా వెనుక చదువు. మనం కొనే ఇంగువ చాలావరకు కూటు ఇంగువ. బంకతో పాటు గోధుమపిండి, మైదా లేదా బియ్యపు పిండి కలిపి చేస్తారు. ఒంటికి చేసే హాని ఏమీ లేదు, కానీ మీ నియమం ప్రకారం అది ధాన్యమే. ఆ రోజుకు జీలకర్ర, అల్లం, వాము చాలు. అలాగే బజారులో మసాలా వేరుశనగలు కొనకు, వాటి పూత శనగపిండి.

సుజాత (డాలస్)

మా ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. మా ఇంటాయన వేరుశనగ కూడా పప్పుజాతే, కాయలు చూడండి, చిక్కుడు కుటుంబం అంటారు. ఏకాదశికి పప్పులు వద్దన్నప్పుడు అవి కూడా వద్దని ఆయన పట్టు. ఇక్కడ రాజ్‌గిరా గింజలు, కుట్టు, బాదం పిండి అన్నీ దొరుకుతాయి. వేరుశనగ లేకుండా ఈ పట్టిక నిలబడుతుందా?

మాధవి (పుణె)

ఇక్కడ ఉపవాసం వంటలన్నీ వేరుశనగ మీదే నడుస్తాయి. మా పక్కింటి వాళ్ళను అడిగితే ఆశ్చర్యపోతారు.

రామశాస్త్రి

మొక్కను బట్టి చూస్తే అది పప్పుజాతే. ఆచారాన్ని బట్టి చూస్తే మన ఇళ్ళలో చాలామంది తింటారు. మా ఇంట్లో తింటాం. దీని మీద నేను తీర్పు చెప్పను.

వైదేహి

సుజాతా, నిలబడుతుంది. వేరుశనగ పొడి తీసేస్తే నీకు 12 గ్రాముల దాకా తగ్గుతుంది. కూరలో దాని బదులు బాదం పొడి వాడు, రాత్రి పనీర్ 50 గ్రాముల నుంచి 80కి పెంచు. కొబ్బరితో మాత్రం ఆ లోటు తీరదు, అందులో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. నువ్వులు కూడా కొన్ని సంప్రదాయాల్లో ఏకాదశికి వాడరు, మీ వారిని అడిగి చూడు. సగ్గుబియ్యానికి పూతగా బాదం పొడి వేస్తే అంటుకోకుండా ఉంటుందో లేదో మాధవే చెప్పాలి.

మాధవి (పుణె)

పనిచేస్తుంది, కాస్త బరకగా పొడి చేయాలి. మరీ మెత్తగా చేస్తే నూనె వదిలి ముద్ద అవుతుంది. పనీర్ ఇంట్లోనే చేసుకోండి. లీటరు చిక్కటి పాలకు 200 గ్రాముల దాకా వస్తుంది. విరిగిన నీళ్ళు పారబోయకండి, రొట్టె పిండి పొడిగా ఉంటే పెరుగు బదులు అవే ఒక చెంచా వేయండి.

శ్రావణి (కాకినాడ)

డాక్టరు దగ్గరకు వెళ్ళి వచ్చాం. ఆ రోజు ఉదయం మాత్ర సగానికి తగ్గించి, పాలు, బాదం తిన్న తర్వాతే వేసుకోమన్నారు, యంత్రంతో చూసుకోమన్నారు. అత్తగారు మధ్యాహ్నం రొట్టె తినడానికి ఒప్పుకున్నారు. రాత్రి పనీర్ వద్దు, పాలు మాత్రమే అంటున్నారు. ఉత్త పాలతో రాత్రి గడుస్తుందా వైదేహి గారూ?

రాజ్‌గిరా పిండి ఇక్కడ ఒక్క దుకాణంలోనే దొరికింది, పొట్లం మీద తేదీ చూసి తెచ్చాను. ఈ ఆదివారం ఒకసారి రొట్టె చేసి చూస్తాను.

వైదేహి

గ్లాసు పాలతో పడుకోబెట్టకు. పాలలో నాలుగు బాదం గింజలు నూరి కలుపు, పక్కన చిన్న చిలగడదుంప ముక్క పెట్టు. పడుకునే ముందు ఒకసారి యంత్రంతో చూడు. 100 కంటే తక్కువ ఉంటే ఇంకొంచెం ఏదైనా తినిపించి పడుకోబెట్టు. ఆ రోజుకు మీ డాక్టరు ఇంకో అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించు. ఆదివారం రొట్టె చేసినప్పుడు ఆవిడ చేత కూడా ఒకటి తినిపించు, కొత్త పిండి ఆవిడ కడుపుకు పడుతుందో లేదో పండగ రోజు కాకుండా ముందే తెలుస్తుంది.